టికెట్ క్లోజ్ చేసినంత మాత్రాన కంప్లైంట్ అయిపోదు

కంపెనీ సపోర్ట్ నుంచి ఆటోమేటిక్ రిప్లై రాగానే మనోళ్ళు ఎక్కువమంది చేసే పని ఒకటే, మళ్ళీ అదే చాట్‌లోకి వెళ్ళి అదే గోడు ఇంకాస్త కోపంగా టైప్ చేస్తారు, దానికి మళ్ళీ అదే "మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం" వస్తుంది. ఈ లోపల జరిగేది గమనించం. పాత టికెట్‌ని పరిష్కరించాం అని మూసేసి కొత్త నంబర్ ఇస్తారు, అంటే మన లెక్కలో నెల నాటి గొడవ వాళ్ళ రికార్డులో నిన్న మొదలైనట్టు ఉంటుంది. నన్నడిగితే అసలు నష్టం ఇక్కడే మొదలవుతుంది.

ఒక కేసు అనుకుని చూద్దాం. భీమవరం పక్క కాళ్ళ మండలంలో రెండెకరాల రొయ్యల చెరువు కౌలుకి చేసుకునే కుర్రాడు ఆన్‌లైన్‌లో 18,500 పెట్టి డీవో మీటర్ కొన్నాడు, నీళ్ళలో ఆక్సిజన్ కొలిచేది. తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోయే టైంలో అది తప్పు చూపిస్తే పంటే పోతుంది, అందుకని వాడకముందే చెక్ చేశాడు. ఉప్పు సెట్టింగ్ సున్నాలో పెట్టి 30 డిగ్రీల దగ్గర గాలిలో క్యాలిబ్రేట్ చేస్తే లీటరుకి 7.5 మిల్లీగ్రాముల దగ్గర చూపించాలి, ఇది 3.1 దగ్గర ఆగిపోయింది. డెలివరీ జూన్ 3న, రిటర్న్ గడువు 7 రోజులు. 4న టికెట్ పెట్టాడు, 6న మూసేశారు, 7న ఇంకోటి పెట్టాడు, 11న "రిటర్న్ గడువు ముగిసింది" అని మెసేజ్ వచ్చింది.

గడువు ముగిసిందన్న మాట నిలబడదు, ఎందుకంటే 4వ తారీఖు టికెట్‌కి వచ్చిన ఆ ఆటోమేటిక్ రిప్లైయే గడువు లోపల కంప్లైంట్ అందిందని కంపెనీ తన చేత్తో ఇచ్చిన రసీదు. కాబట్టి దాన్ని డిలీట్ చేయకూడదు. చాట్ విండో టికెట్ మూసేశాక కనపడకుండా పోవచ్చు, అందుకే తేదీ, టైం, టికెట్ నంబర్ మూడూ కనపడేలా అప్పుడే స్క్రీన్‌షాట్ తీసుకోవాలి. ఫోన్‌లో మాట్లాడితే రిక్వెస్ట్ నంబర్ అడిగి రాసుకోవాలి. మన చెరువుల మీద రోజూ మేత లెక్క పుస్తకం రాస్తారు కదా, అలాగే దీనికీ ఒక పేజీ పెట్టి ఏ రోజు, ఎక్కడ, ఏ నంబర్, ఏమన్నారు అని ఒక్కో లైన్ రాస్తే చాలు. మీటర్ సీరియల్ నంబర్, రీడింగ్ రెండూ ఒకే వీడియోలో రావాలి, ఎందుకంటే రేపు దాన్ని చూసే మనిషికి డీవో అంటే ఏంటో కూడా తెలియకపోవచ్చు.

తర్వాత చాట్ ఆపేసి కంపెనీలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్‌కి మెయిల్ పెట్టాలి. 2020 ఈ-కామర్స్ రూల్స్ ప్రకారం ఆ ఆఫీసర్ పేరు, హోదా, కాంటాక్ట్ వివరాలు కంపెనీ తన ప్లాట్‌ఫామ్‌లో చూపించాలి, కంప్లైంట్ అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెల రోజుల్లో పరిష్కరించాలి. యాప్‌లో బాగా అడుగున ఏదో పేజీలో ఉంటుంది, ఓపిగ్గా వెతకాలి. గూగుల్‌లో కస్టమర్ కేర్ నంబర్ అని మాత్రం వెతక్కండి, దొంగ నంబర్లు అక్కడే కాచుకుని ఉంటాయి, ఎక్స్‌లో కంపెనీని ట్యాగ్ చేసి పోస్ట్ పెట్టినా నిమిషాల్లో అదే లోగోతో ఫేక్ అకౌంట్ వచ్చి ఫోన్ నంబర్ అడుగుతుంది. ఓటీపీ అడిగినా, ఏదైనా యాప్ వేసుకోమన్నా అక్కడే కట్ చేయాలి, డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చేయాలి.

మెయిల్ సబ్జెక్ట్‌లోనే ఆర్డర్ నంబర్, మొదటి టికెట్ నంబర్ ఉండాలి. లోపల ఆవేశం వద్దు. జూన్ 3న వచ్చింది, 4న ఈ నంబర్‌తో కంప్లైంట్ ఇచ్చాను, రీడింగ్ ఇంత ఉండాలి ఇంతే చూపిస్తోంది, వీడియో జత చేశాను, 18,500 రీఫండ్ కావాలి అని రాస్తే సరిపోతుంది. గుర్తు చేయాల్సొస్తే అదే మెయిల్ కింద రిప్లై కొట్టాలి, కొత్తది మొదలుపెట్టకూడదు.

రూల్‌లో పెద్ద కన్నం ఉందని ఇక్కడ చెప్పి తీరాలి. 48 గంటల్లో అందిందని చెప్పమన్నారు గానీ ఆ చెప్పేది మనిషే అయ్యుండాలని రాయలేదు, దాంతో మిషన్ పంపే రెండు లైన్లతోనే కంపెనీ తన పని అయిపోయిందనుకుంటోంది. ప్రతి కంప్లైంట్‌కీ ట్రాక్ చేసుకునే టికెట్ నంబర్ ఇవ్వాలని కూడా అవే రూల్స్‌లో ఉంది, కానీ కస్టమర్ ఒప్పుకోకుండా ఆ టికెట్ మూయకూడదని రాయలేదు. ఆ ఒక్క లైన్ చేర్చకపోతే ఈ టికెట్లు మార్చే ఆట ఆగదు, ప్రభుత్వం ముందు సరిచేయాల్సింది ఇదే.

మెయిల్‌కి పని జరగకపోతే నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ ఉంది, 1915కి చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు, లేదా consumerhelpline.gov.in లో పెట్టొచ్చు. వాళ్ళొక డాకెట్ నంబర్ ఇస్తారు, అది కూడా పేజీలోకి ఎక్కాలి. హెల్ప్‌లైన్‌తో ఒప్పందం ఉన్న పెద్ద కంపెనీల్లో మన కంప్లైంట్ నేరుగా వాళ్ళ టీమ్‌కి వెళ్తుంది, చాలాసార్లు అక్కడే తేలిపోతుంది. కానీ హెల్ప్‌లైన్‌కి ఆర్డర్ వేసే అధికారం లేదు, కంపెనీ మొండికేస్తే మనం జిల్లా కన్స్యూమర్ కమిషన్‌కి వెళ్ళాల్సిందే.

మన డెల్టా రైతులకి అసలు అడ్డు అక్కడ వస్తుంది. మీటర్ వ్యాపారానికి కొన్నాడు కాబట్టి ఇతను వినియోగదారుడే కాదు అని కంపెనీ లాయర్ అంటాడు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వ్యాపార అవసరానికి కొన్నవాళ్ళని పక్కనపెట్టిన మాట నిజమే, కానీ స్వయం ఉపాధితో బతుకుదెరువు కోసమే కొని తనే వాడుకుంటే అది వ్యాపార అవసరం కిందికి రాదని అదే సెక్షన్‌లో వివరణ ఉంది, సుప్రీంకోర్టు కూడా 1995లో, పాత చట్టం ఉన్నప్పుడే, లక్ష్మీ ఇంజనీరింగ్ కేసులో దీన్ని విడమర్చి చెప్పింది. కాబట్టి కౌలు చెరువు, నేనే చేసుకుంటాను, ఇదే నా జీవనాధారం అని ఫిర్యాదులో మొదటి పేరాలోనే రాయాలి. యాభై ఎకరాలు మేనేజర్లని పెట్టి చేయించేవాళ్ళకి ఈ వాదన కష్టం, బిజినెస్ అకౌంట్ నుంచి జీఎస్టీ నంబర్ వేసి కొన్నా కంపెనీకి ఆయుధం ఇచ్చినట్టే.

కేసు e-jagriti.gov.in లో ఇంటి దగ్గర నుంచే వేయొచ్చు. కంపెనీ ఆఫీస్ బెంగుళూరులో ఉన్నా మనం ఉండే చోటే వేసే హక్కు 2019 చట్టం ఇచ్చింది, 2022లో జిల్లాలు విడిపోయాయి కాబట్టి మన మండలం ఏ కమిషన్ కిందికి వస్తుందో మాత్రం ముందు చూసుకోవాలి. 5 లక్షల లోపు కొన్నవాటికి ఫీజు లేదు, లాయర్ తప్పనిసరి కాదు, గడువు రెండేళ్ళు. ప్లాట్‌ఫామ్‌నీ అమ్మిన సెల్లర్‌నీ ఇద్దర్నీ పార్టీలుగా చేర్చాలి, లేకపోతే ఒకళ్ళ మీదకి ఒకళ్ళు తోసేస్తారు. నోటీస్ అందాక వాళ్ళు 30 రోజుల్లో జవాబివ్వాలి, ఇంకో 15 రోజులు పొడిగించొచ్చు, అంతకు మించి కుదరదని 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. కమిషన్ రీఫండ్‌తో పాటు నష్టపరిహారం, ఖర్చులు కూడా ఇప్పించగలదు. వస్తువుకి ల్యాబ్ టెస్ట్ అక్కర్లేకపోతే మూడు నెలల్లో, కావాలంటే ఐదు నెలల్లో తేల్చాలని చట్టంలో ఉన్నా అంతకన్నా లాగుతుందనే అనుకుని దిగాలి.

నోటీస్ వెళ్ళాక కంపెనీ నుంచి నిజం మనిషే ఫోన్ చేసి రీఫండ్ ఇస్తాం, కేసు వెనక్కి తీసుకోండి అనడం మామూలే. ఒప్పుకోవచ్చు, తప్పేం లేదు, కాకపోతే ఆ మాట మెయిల్‌లో పెట్టించుకుని డబ్బు బ్యాంకులో పడ్డాకే విత్‌డ్రా చేయాలి.