రోస్ట్ పొటాటోకి ముందు ఉడకబెట్టాల్సిందే, మధ్యలో తిప్పాల్సిందే

"రోస్ట్ పొటాటోస్‌కి దుంపలు ముందు ఉడకబెట్టడం టైమ్ వేస్ట్ అండీ. పచ్చివే ముక్కలు కోసి, మామూలు నూనె కలిపి, ఓవెన్ 180లో పెట్టి గంట వదిలేయండి. మధ్యలో తిప్పితే క్రస్ట్ ఊడిపోతుంది, అస్సలు ముట్టుకోకండి."

ఎవరో రాసిన ఈ సలహా నమ్మి ఇక్కడ బెంగళూరులో మా తెలుగు వాళ్ళే ఎంతమంది చేశారో, అందరికీ ఒకటే వచ్చింది, పైన నమిలితే సాగే పొర, అడుగున ఒకవైపు మాడు, ఇంకోవైపు తెల్లగా. తర్వాత "మా ఓటీజీ మంచిది కాదు" అని పక్కన పెట్టేస్తున్నారు, అది చూస్తే నాకు నిజంగా బాధేస్తోంది, ఎందుకంటే తప్పు ఓటీజీది కాదు, పద్ధతిది.

ముందు ఉడకబెట్టడం సంగతి చూద్దాం, అసలు విషయమంతా అక్కడే ఉంది. కరకరలాడే పొర దుంప తోలు నుంచి రాదు, నూనె నుంచీ రాదు, ఉడికిన స్టార్చ్ నుంచి వస్తుంది. ముక్క సగం పైన ఉడికాక నీళ్ళు వంపేసి గిన్నెలోనే గట్టిగా కుదిపితే అంచులు చెదిరి పైనంతా మెత్తటి గుజ్జు పూసినట్టు అవుతుంది చూడండి, ఆ గుజ్జే వేడి నూనెలో నీరంతా పోగొట్టుకుని పలచగా, పెళుసుగా గట్టిపడుతుంది. గరుకుగా ఉంది కాబట్టి నూనె తగిలే చోటు కూడా చాలా ఎక్కువ. పచ్చి ముక్క కత్తితో కోసినవైపు నున్నగా ఉంటుంది, అక్కడ గుజ్జు లేదు, లోపల ఉడికేలోపు పైన ఎండిపోతుంది, అదే ఆ సాగే పొర.

ఎలా ఉడికించాలంటే, కిలో దుంపల్ని చెక్కు తీసి నాలుగైదు సెంటీమీటర్ల ముక్కలు చేసి చన్నీళ్ళలోనే వేసి స్టవ్ మీద పెట్టండి, మరిగే నీళ్ళలో వేస్తే బయట చిదికిపోయి లోపల పచ్చిగా ఉంటుంది. రెండు లీటర్ల నీళ్ళకి రెండు చెంచాల ఉప్పు, అర టీస్పూన్ వంట సోడా. సోడా వల్ల దుంపలో కణాల్ని పట్టి ఉంచే పెక్టిన్ తొందరగా కరుగుతుంది, గుజ్జు బాగా వస్తుంది, అంతకంటే ఎక్కువ వేస్తే సబ్బు రుచి వస్తుంది కాబట్టి ఆగండి. నిమ్మరసం, చింతపండు లాంటి పులుపు మాత్రం వద్దు, అది సరిగ్గా ఉల్టా పని చేసి దుంపని గట్టిగా ఉంచుతుంది. నీళ్ళు మరగడం మొదలయ్యాక పది నిమిషాల దగ్గర కత్తి గుచ్చి చూడండి, బయట సులువుగా దిగి మధ్యలో కొంచెం ఆగినట్టు ఉంటే చాలు. చెన్నైలో ఉన్నవాళ్ళు చెప్పిన టైమే ఇక్కడా పట్టుకోకండి, మనది 900 మీటర్ల పైన ఉన్న ఊరు, నీళ్ళు 97 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి, ఒకట్రెండు నిమిషాలు ఎక్కువ పడుతుంది. కుక్కర్ వద్దు అని మాత్రం గట్టిగా చెప్తాను, మూత తీసి చూడ్డానికి ఉండదు, ఒక విజిల్‌కే ముక్కలు చితికిపోవచ్చు.

వంపాక ఖాళీ గిన్నెలోనే ఒక నిమిషం సన్న సెగ మీద ఉంచి, తర్వాత ప్లేట్‌లో పరిచి ఆవిరి పోయేదాకా ఫ్యాన్ కింద పెట్టండి. ఇది వదిలేస్తే మిగతాదంతా వృథానే, తడి ఉన్నంతసేపు దుంప పైభాగం 100 డిగ్రీలు దాటదు, దాటకపోతే ఎర్రబడదు. పైగా తడి ముక్క వేడి నూనెలో పడితే చేతి మీదకి చిందుతుంది.

నూనె విషయానికొస్తే, కొంత న్యాయంగా మాట్లాడాలి. పెద్ద ఓవెన్, మందపాటి ట్రే ఉన్నవాళ్ళు ముక్కలకి నూనె పట్టించి నేరుగా పెట్టినా పర్వాలేదనిపించేలా వస్తాయి. కానీ మన ఇళ్ళలో ఉండేది పలచటి అల్యూమినియం ట్రే, దాంట్లో చల్లగా వేస్తే గుజ్జు ముందు ట్రేకి అతుక్కుపోతుంది, పొర కట్టేది తర్వాత, తీసేటప్పుడు పొరంతా ట్రే మీదే ఉండిపోతుంది. అందుకే కిలోకి నాలుగైదు టేబుల్ స్పూన్ల నూనె ట్రేలో పోసి ఓవెన్లోనే పది నిమిషాలు కాగనివ్వండి, ఒక ముక్క పెడితే సుర్రుమనాలి. రిఫైన్డ్ వేరుశనగ నూనె బాగుంటుంది, నెయ్యి ఇంకా బాగుంటుంది, ఇంగ్లండ్‌లో బాతు కొవ్వు, బీఫ్ కొవ్వు వాడేది కూడా ఇంత వేడి తట్టుకుంటాయనే, రుచి కోసమూ అనుకోండి. వెన్న వద్దు, దాంట్లో పాల పదార్థం మిగిలుంటుంది కాబట్టి మాడుతుంది. గానుగ నూనె తొందరగా పొగ వస్తుంది.

టెంపరేచర్ 220, ఫ్యాన్ ఆన్‌లో ఉంటే 200. తక్కువ వేడిలో దుంప ఎర్రబడేలోపు లోపలి నీరంతా పోయి ముక్క ఎండిపోతుంది, పొర మందంగా గట్టిగా అవుతుంది కానీ కరకరలాడదు. ఓటీజీ డయల్ మీద ఉన్న నంబర్‌ని పూర్తిగా నమ్మకండి, చిన్న ఓవెన్లలో అసలు వేడి తేడా ఉండడం మామూలే, ఒక ఓవెన్ థర్మామీటర్ లోపల పెట్టి చూస్తే తెలిసిపోతుంది. 30 లీటర్ల ఓటీజీ ట్రేలో కిలో ఎడం ఎడంగా పట్టదు, రెండు విడతలుగా వేయండి, ఇరికిస్తే ఒకదాని ఆవిరికి ఇంకోటి ఉడుకుతుంది తప్ప వేగదు.

ఇక తిప్పడం. మా పక్క ఫ్లాట్ వదిన మారతహళ్లి మార్కెట్ నుంచి దుంపలు తెచ్చి గంటసేపు తలుపు తీయకుండా కూర్చుంది, తీసి చూస్తే ట్రేకి ఆనిన వైపు నల్లగా, పైవైపు ఎండి పాలిపోయి ఉన్నాయి. "తిప్పితే ఊడుతుందని రాశారు కదా అమ్మా" అంది. "పది నిమిషాలకే గీకితే ఊడుతుంది వదినా, అది నిజమే, టైమ్ రానిచ్చి తిప్పాలి" అన్నాను. అట్టు కాలితే పెనం నుంచి తనంతట తనే లేస్తుంది కదా, ఇది కూడా అంతే. 20 నుంచి 25 నిమిషాల మధ్య పలచటి స్టీల్ గరిటె ఒక ముక్క కిందకి పోనిచ్చి చూడండి, అతుక్కుని ఉంటే ఇంకో ఐదు నిమిషాలు వదిలేయండి, కదిలితే అన్నిటినీ ఇంకో వైపుకి తిప్పండి, ట్రేని కూడా ముందుది వెనక్కి తిప్పండి, చాలా ఓటీజీల్లో వెనకవైపు వేడి ఎక్కువ. మళ్ళీ 15 నిమిషాలకి మూడో వైపు. అప్పుడు వదినకి రెండో విడత ఇలాగే చేశాం, మొత్తం 50 నిమిషాల్లో అన్ని వైపులా బంగారు రంగు వచ్చింది.

అన్నీ సరిగ్గా చేసినా 20 నిమిషాలకే ముదురు గోధుమ రంగు వచ్చి చేదుగా ఉంటే దుంపని అనుమానించండి, పచ్చి దుంప ఫ్రిజ్‌లో ఉంటే స్టార్చ్ చక్కెరగా మారుతుంది, అది తొందరగా మాడుతుంది. నీరు ఎక్కువున్న లేత దుంపలూ ఈ వంటకి సరిపోవు, ముదురు, పిండి ఎక్కువున్నవి అడిగి తెచ్చుకోండి.

కారం, వెల్లుల్లి, కరివేపాకు మొదట్లో వేయకండి, 220లో నల్లబడిపోతాయి, చివరి ఐదు నిమిషాల్లో వేస్తే చాలు. తీశాక హాట్ బాక్స్‌లో మూత పెట్టకండి, లోపలి ఆవిరికే పొర మెత్తబడుతుంది. సాయంత్రం గెస్ట్‌లు వస్తారనుకుంటే ఉడకబెట్టి కుదిపిన ముక్కల్ని ముందు రోజే ఫ్రిజ్‌లో మూత లేకుండా పెట్టుకోవచ్చు, ఉడికాయి కాబట్టి చక్కెర భయం లేదు, పైన ఇంకా బాగా ఆరతాయి, ఓవెన్లో ఐదు నిమిషాలు ఎక్కువ ఇవ్వండి.