మెట్ల మీద షూ ర్యాక్, పైపులో లేని ప్రెషర్

‘ఆదివారంలోగా మెట్ల మీద సామాన్లు తీసేయాలి. సోమవారం ఫైర్ పరికరాలు చెక్ చేస్తారు, సహకరించగలరు.’ మా అపార్ట్‌మెంట్ సెక్రటరీ గారు లిఫ్ట్ పక్కన అంటించిన నోటీసు ఇది. ‘మరి షూ ర్యాక్ ఎక్కడ పెట్టుకోవాలి?’ అని వెంటనే ఒకరు అడిగారు. అది న్యాయమైన ప్రశ్నే. ఎందుకు తీయాలో నోటీసులో లేదు కదా.

2023 నవంబర్‌లో హైదరాబాద్ బజార్‌ఘాట్‌లో ఒక అపార్ట్‌మెంట్ కింది భాగంలో నిల్వ ఉంచిన రసాయనాల డ్రమ్ములు అంటుకుని కనీసం 9 మంది చనిపోయారు. మంట కింద మొదలైంది, పైనున్న వాళ్లకు పొగతో ఊపిరాడలేదు. మెట్ల దారి పొగకు గొట్టంలా పనిచేస్తుంది. అలాంటి చోట చెప్పుల రబ్బరు, పాత పరుపులోని ఫోమ్ కాలితే విషపు పొగ ఇంకా పెరుగుతుంది. నాలుగడుగుల వెడల్పున్న మెట్లలో ర్యాక్ ఒక అడుగు తీసుకుంటే, కిందికి పరుగెత్తే కుటుంబం, హోస్ పట్టుకుని పైకి వచ్చే సిబ్బంది ఒకరినొకరు దాటలేరు.

ఇక చెకింగ్ విషయం. మంటలార్పే సిలిండర్ మీటరు ముల్లు ఆకుపచ్చ గీతలో ఉందో లేదో చూసి సంతకం పెట్టేస్తే సరిపోదు. పంపు సెల్లార్‌లో ఉంటే పరీక్ష అన్నిటికంటే పై అంతస్తులో మొదలుపెట్టాలి. అక్కడ హోస్ రీల్ వాల్వ్ తిప్పి నీళ్లు వదిలితే పైపులో ప్రెషర్ తగ్గుతుంది, దాంతో పంపు దానంతటదే స్టార్ట్ కావాలి. చాలాచోట్ల కాదు. ఎక్కడో వాల్వ్ కొద్దిగా లీక్ అవుతుంటుంది. తగ్గిన ప్రెషర్ నింపడానికి చిన్న పంపు మాటిమాటికీ ఆన్ అవుతుంటుంది. ఆ మోత భరించలేక ఎవరో స్విచ్‌ని ఆటో నుంచి మాన్యువల్‌కి మార్చేస్తారు. తర్వాత ఎవరికీ గుర్తుండదు. పంపు దగ్గర మీటరు సున్నా చూపిస్తుంటే జరిగింది దాదాపు ఇదే. స్విచ్ ఆటోలోకి మార్చే ముందు లీక్ ఆపాలి, లేకపోతే నెలలోపే మళ్లీ మాన్యువల్‌కి వస్తుంది.

ఇళ్లలో స్ప్రింక్లర్లు ఉన్న బిల్డింగుల్లో టెక్నీషియన్‌ను లోపలికి రానివ్వాల్సిందే. ఇంటీరియర్ పనుల్లో వాటిని ఫాల్స్ సీలింగ్ పైన దాచేస్తున్నారు, లేదా రంగు పూసేస్తున్నారు. ఎక్కువగా వాడే రకంలో ఎర్రటి గాజు బల్బు 68 డిగ్రీల వేడికి పగిలితేనే నీళ్లు వస్తాయి. సీలింగ్ పైన ఉన్నదానికి గదిలో వేడి సమయానికి అందదు. తలుపు బయట నిలబడి చూస్తే ఇది తెలియదు. ఆ పది నిమిషాలు ఇబ్బందే, ఆడవాళ్లు ఒంటరిగా ఉన్న ఇళ్లకు మరీను. కాబట్టి ఏ ఫ్లాట్‌కి ఎన్నింటికి వస్తారో, వెంట కమిటీ నుంచి ఎవరుంటారో నోటీసులోనే రాయాలి.

సెక్రటరీ గారిని నేను అడిగేది ఇంకొక్కటే. చెకింగ్ అయ్యాక అదే లిఫ్ట్ పక్కన రెండో కాగితం అంటించండి: పై అంతస్తులో నీళ్లు వచ్చాయా, పంపు తనంతట తాను తిరిగిందా, ఏ అంతస్తు హోస్ బాక్సులో నాజిల్ లేదు, ఏ తేదీలోగా పెడతారు.