తెర మీది అంకె తీర్పు చెబుతుందా?

ఇంజనీరింగ్ మొదటి ఏడాది తరగతులు మొదలయ్యాయి. హైదరాబాద్ శివార్లలోని ఓ కళాశాలలో కంప్యూటర్ సైన్స్ విభాగాధిపతి కొత్త విద్యార్థులకు స్వాగతం పలుకుతూ, ప్రసంగంలో ఎక్కువ భాగం ఏఐ రాత పరికరాల మీద హెచ్చరికలకే కేటాయించారు. ప్రతి అసైన్‌మెంటునూ సాఫ్ట్‌వేర్‌లో వేసి చూస్తామని, ఏఐ శాతం 20 దాటితే సున్నా మార్కులేనని, ఇది యూజీసీ నిబంధనేనని చెప్పారు. తల్లిదండ్రులు చప్పట్లు కొట్టారు. ఆయన చెప్పిన నిబంధన యూజీసీ పుస్తకంలో లేదు.

చాట్‌జీపీటీతో రాయించి పేరు మార్చి ఇచ్చేస్తున్న పిల్లలున్నారు, దిద్దేవారు విసిగిపోయారు, హద్దులు మొదటి రోజే చెప్పడం మంచిదే. ఇంతవరకు ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా తెర మీద కనిపించే అంకెను సాక్ష్యంగా, తీర్పుగా, శిక్షగా ఒకేసారి వాడేయడంతోనే.

యూజీసీ గ్రంథచౌర్య నిబంధనలు 2018 నాటివి. చాట్‌జీపీటీ వచ్చింది 2022 నవంబరులో. ఆ నిబంధనల్లో ఏఐ ఊసే లేదు. అవి చెప్పే శాతాలు పోలిక శాతాలు, అంటే ఇప్పటికే అచ్చయిన రాతతో ఎంత కలుస్తోందన్న లెక్క. 10 శాతం వరకు శిక్ష లేదు. 10 నుంచి 40 అయితే ఆరు నెలల్లోపు సరిదిద్ది మళ్లీ ఇవ్వాలి. 40 నుంచి 60 అయితే ఏడాది పాటు సవరించిన ప్రతి ఇవ్వకూడదు. 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. ఈ లెక్క కూడా థీసిస్‌లకు, పరిశోధన పత్రాలకే. అసైన్‌మెంట్లు, టర్మ్ పేపర్లు, ప్రాజెక్టు రిపోర్టులు, జవాబు పత్రాలు వీటి కిందికి రావని ఆ నిబంధనల్లోనే స్పష్టంగా రాసి ఉంది.

అంతకన్నా ముఖ్యమైన సంగతి ఒకటుంది. పీహెచ్‌డీ థీసిస్‌లో కాపీ దొరికినా విభాగాధిపతి ఒక్కరే శిక్ష వేయలేరు. ఆయన అధ్యక్షతన ముగ్గురి కమిటీ కూర్చోవాలి. అందులో ఒకరు వేరే విభాగం నుంచి రావాలి, మరొకరికి ఈ సాఫ్ట్‌వేర్ల లోతుపాతులు తెలిసి ఉండాలి. సహజ న్యాయసూత్రాలు పాటించి, 45 రోజుల్లో సంస్థ స్థాయి కమిటీకి నివేదిక ఇవ్వాలి. డాక్టరేట్ అభ్యర్థికి ఇంత రక్షణ ఉంటే, మొన్న ఇంటర్ దాటి వచ్చిన పిల్లకు ఒక అంకె చాలా?

ఆ అంకె ఎలా పుడుతుందో చూద్దాం. పోలికను పట్టే సాఫ్ట్‌వేర్ ఏ వాక్యం ఎక్కడి నుంచి వచ్చిందో మూలంతో సహా చూపిస్తుంది. అధ్యాపకుడు దాన్ని తెరిచి చదువుకోవచ్చు, తప్పయితే కొట్టేయవచ్చు. ఏఐ డిటెక్టరుకు చూపించడానికి మూలమే ఉండదు. ఒక పదం తర్వాత ఏ పదం వస్తుందో ఎంత తేలిగ్గా ఊహించవచ్చు, వాక్యాల తీరు ఎంత ఒకేలా సాగుతోంది వంటి లక్షణాలను బట్టి అది అంచనా కడుతుంది. గైడ్లు బట్టీపట్టి ఇంగ్లిష్ నేర్చుకున్న తెలుగు మీడియం విద్యార్థి రాసేది సరిగ్గా అలాంటి ఇంగ్లిషే: తెలిసిన నాలుగు పదబంధాలు, పొట్టి వాక్యాలు, ఒకే మూస. 2023లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఏడు డిటెక్టర్లకు ఇంగ్లిష్ మాతృభాష కానివారు రాసిన 91 టోఫెల్ వ్యాసాలు ఇచ్చారు. సగటున 61 శాతం వ్యాసాలు యంత్రం రాసినవేనని అవి తేల్చాయి. అమెరికాలోని ఎనిమిదో తరగతి పిల్లల వ్యాసాల దగ్గర మాత్రం దాదాపు పొరపాటు పడలేదు. ఆ తర్వాత డిటెక్టర్లు మెరుగుపడ్డాయని కంపెనీలంటున్నాయి. చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్‌ఏఐ మాత్రం తన సొంత డిటెక్టరును, కచ్చితత్వం చాలడం లేదని, ఆరు నెలలకే 2023 జులైలో మూసేసింది.

20 అనే సంఖ్య ఎక్కడిదో ఊహించడం కష్టం కాదు. ఏఐ రాతను పట్టే సాఫ్ట్‌వేర్ టర్నిటిన్ 1 నుంచి 19 శాతం దాకా అసలు అంకె చూపదు, నక్షత్రం గుర్తు పెట్టి వదిలేస్తుంది. అంత తక్కువలో పొరపాట్లు ఎక్కువని దాని భావం. అంటే 20 అన్నది అంకె చూపించడం మొదలయ్యే చోటు మాత్రమే. దాన్ని నేరం మొదలయ్యే గీతగా మార్చింది మన విభాగాధిపతులు. ఈ అంకె ఒక్కదాన్నే పట్టుకుని చర్య తీసుకోవద్దని అమ్మేవాళ్లే చెబుతుంటే, కొన్నవాళ్లు వినడం లేదు.

పొరపాటు ఒక్క శాతమే అనుకుందాం. విభాగంలో 300 మంది కొత్తవాళ్లు, సెమిస్టరుకు ఒక్కొక్కరు పది అసైన్‌మెంట్లు సొంతంగా రాస్తే మూడు వేల పత్రాలు. ఏ తప్పూ లేకుండా ముప్పై సున్నాలు పడతాయి. పోనీ దొంగలు దొరుకుతారా అంటే, యంత్రం రాసిన దాన్ని మరో యంత్రంతో తిరగరాయించే సేవలు డబ్బులిస్తే దొరుకుతున్నాయి, అంకె దిగిపోతుంది. మరి అంకెకు చిక్కేది ఎవరు? అమీర్‌పేటలో రెడీమేడ్ ప్రాజెక్టులు కొని బైండింగ్ చేయించి ఇస్తే ఏళ్ల తరబడి సంతకాలు పెట్టిన వ్యవస్థ, ఇప్పుడు మొదటి ఏడాది పిల్లల రెండు పేజీల మీద నిఘా పెడుతోంది!

సాక్ష్యం కావాలంటే ఉంది. ఒక పత్రానికి 34 శాతం వచ్చిందనుకోండి. ముందు చివర ఇచ్చిన ఆధారాల జాబితా తీయండి. ఏఐ పరికరాలు వెతకకుండా రాసినప్పుడు నమ్మేలా ఉండే పేర్లు అల్లేస్తుంటాయి కాబట్టి, లేని పత్రాలు అక్కడే బయటపడతాయి. పరిశోధన పత్రానికి గుర్తింపుగా ఇచ్చే డీఓఐ సంఖ్యను doi.org లో కొట్టి చూడటానికి నిమిషం పట్టదు. ఆ పత్రం లేకపోయినా, అదే సంఖ్య మరో విషయం మీది పత్రాన్ని తెరిచినా, అది ఎవరైనా సరిచూసుకోగల రుజువు. తర్వాత గూగుల్ డాక్స్ వెర్షన్ హిస్టరీ అడగండి. మూడు రోజుల్లో ముక్కలు ముక్కలుగా పెరిగిన రాత, ఒక్క పేస్టుతో ఊడిపడిన రాత వేర్వేరుగా కనిపిస్తాయి. అయితే నోట్‌బుక్‌లో రాసుకుని ఫెయిర్ కాపీ టైపు చేసే పిల్లలూ ఉంటారు, వారిని చిత్తు ప్రతి చూపమనండి. ఆఖరున పది నిమిషాలు ఎదురుగా కూర్చోబెట్టి, ఈ పేరాలో ఈ అల్గారిదమే ఎందుకు ఎంచుకున్నావని అడగండి. తెలుగులో చెప్పనివ్వండి. రాసినవాడు తడబడినా దారిలోనే తడబడతాడు. రాయనివాడికి దారే తెలియదు. వీటన్నింటికీ సమయం లేదంటారా? తీరిక లేని మనిషి చేసేది దిద్దడం కాదు, అంకె చదవడం.

ప్రసంగంలో చెప్పని విషయాలే పిల్లలకు ముందు కావాలి. వ్యాకరణం దిద్దుకోవడం ఏఐ వాడకం కిందికి వస్తుందా? తెలుగులో రాసుకుని అనువదింపజేసుకుంటే? కోడ్‌లో తప్పు వెతికించుకుంటే? ల్యాబ్ రికార్డుకు ఒక నియమం, సెమినార్‌కు మరో నియమమా? వాడినవారు ఏ పరికరం, ఏ పనికి, ఎంతవరకు అన్నది ఎక్కడ రాయాలి? శిక్ష పడితే ఎవరికి అప్పీలు చేయాలి, ఎన్ని రోజుల్లో? వీటికి మైకులో జవాబు చెబితే చాలదు. రేపు వివాదం వస్తే ప్రసంగాన్ని ఎవరూ చూపించలేరు, కాగితాన్ని చూపగలరు.

ఈ విభాగం మొదలుపెట్టిన అంకె పాలనను వచ్చే ఏడాది పక్క కళాశాల ఆదర్శంగా తీసుకుంటుంది, ఆపైన అనుబంధ కళాశాలలన్నింటికీ అదే ఆనవాయితీ అవుతుంది. అందుకే ఇక్కడే ఆపాలి. మొదటి అసైన్‌మెంటు ఇచ్చేలోగా పై ప్రశ్నలకు జవాబులు ఒక కాగితం మీద రాసి, విభాగాధిపతి సంతకంతో నోటీసు బోర్డుకు అంటించాలి. లేని యూజీసీ నిబంధనను ఉందని చెప్పినందుకు అదే కాగితంలో సవరణ ఇవ్వాలి. ఆధారం చూపకుండా రాయడం తప్పని పిల్లలకు పాఠం చెప్పిన ఆయనే, ఆధారం లేని మాటను వేదికెక్కి చెప్పారు.