అమ్మితేనే పన్ను, అందుకే అమ్మడం లేదు

అమెరికాలో ఏళ్లుగా ఉద్యోగం చేస్తున్న మనవాళ్లలో చాలామందికి పొదుపంతా ఒకే కంపెనీ షేర్లలో పేరుకుపోయి ఉంటుంది. అది రిస్క్ అని వాళ్లకూ తెలుసు. అయినా "అమ్మితే టాక్స్ పడుతుంది కదా" అని ఆగిపోతారు. వాళ్లను తప్పుపట్టలేను, లెక్క వాళ్లవైపే ఉంది. తప్పు చట్టంలో ఉంది.

షేర్ ధర ఎంత పెరిగినా అమ్మేదాకా అది పన్ను పడే ఆదాయం కాదు. 1920లో ఐస్నర్ వర్సెస్ మాకంబర్ కేసులో సుప్రీంకోర్టు ఈ సూత్రానికి బలం ఇచ్చింది. అమ్మకపోయినా పెరిగిన విలువ మీద ఏటా పన్ను వేయాలని కొందరు వాదిస్తారు. కానీ అమ్మేదాకా ఆగడానికి న్యాయమైన కారణాలే ఉన్నాయి. చేతికి రాని డబ్బుకు పన్ను కట్టమంటే ఎక్కడినుంచి తెస్తారు? ఇల్లు, సొంత వ్యాపారం లాంటి వాటికి ఏటా విలువ కట్టేదెవరు? ఈ ఏడాది పెరిగింది వచ్చే ఏడాది పడిపోతే?

ఇప్పుడు టెక్సస్‌లో ఉన్న ఒక జంటను ఊహించుకోండి. ఇద్దరి జీతాలూ కలిపి 3 లక్షల డాలర్లు. 20,000 డాలర్లకు కొన్న షేర్లు 2 లక్షలయ్యాయి. అమ్మితే 1,80,000 లాభం మీద 15 శాతం క్యాపిటల్ గెయిన్స్ పన్ను, పైన 3.8 శాతం ఇన్వెస్ట్‌మెంట్ ఆదాయపు పన్ను, మొత్తం 33,840 పోతుంది. కొత్తచోట పెట్టడానికి మిగిలేది 1,66,160.

పాత షేర్లు ఏటా 7 శాతం పెరుగుతాయనుకుందాం. వాటిని అట్టిపెట్టుకున్నవాళ్లు పదేళ్ల తర్వాత ఇదే రేటుతో పన్ను కట్టి అమ్మినా, ఇప్పుడే అమ్మి కొత్తచోటికి మారినవాళ్లు వాళ్లతో సమానం కావాలంటే కొత్త పెట్టుబడి ఏటా 8 శాతం తేవాలి. అదే, అమ్మకుండా పిల్లలకు వదిలి వెళ్దామనుకుంటే దాదాపు 9 శాతం తేవాలి. ఎందుకంటే యజమాని చనిపోయిన రోజు ధరే వారసుల కొనుగోలు ధర అవుతుంది. దీన్నే స్టెప్-అప్ అంటారు. బతికుండగా పెరిగిన లాభం మీద ఆదాయపు పన్ను ఇక ఎవరూ కట్టరు. బతికుండగా గిఫ్ట్‌గా ఇస్తే మాత్రం పాత ధరే వెంట వస్తుంది.

పన్ను వాయిదా పడటం ఒక్కటే అయితే తేడా ఒక శాతం. చావుతో పన్ను మాయమవుతుందన్న ఆశ ఆ తేడాను రెట్టింపు చేస్తోంది. వయసు పెరిగేకొద్దీ ఆ ఆశ ఇంకా బలపడుతుంది. సరిగ్గా రిస్క్ తగ్గించుకోవలసిన వయసులో మనిషి ఒకే షేర్‌కు కట్టుబడిపోతాడు.

అందుకే అమ్మని లాభాల మీద ఏటా పన్ను వేయాలన్న వాదనను నేను ఒప్పుకోను. తీసేయవలసింది స్టెప్-అప్‌ను. ఇండియాలో వారసుడు అమ్మినప్పుడు సాధారణంగా తల్లిదండ్రుల కొనుగోలు ధర నుంచే లాభం లెక్కిస్తారు. కెనడాలో 1972 నుంచి, మరణించిన రోజే ఆస్తి అమ్మినట్టు భావించి పన్ను వేస్తున్నారు. జీవిత భాగస్వామికి వెళ్లే ఆస్తికి అక్కడ వాయిదా ఉంది. అమెరికాలోనూ అలాంటి వాయిదా ఉంచాలి. పొలమో, చిన్న వ్యాపారమో వారసత్వంగా వచ్చినవాళ్లు దాన్ని తెగనమ్ముకోకుండా కొన్నేళ్లపాటు వాయిదాల్లో కట్టుకునే వీలూ ఇవ్వాలి.