రాత్రి పడిన గీతను అబద్ధమనే ముందు దాని వాలు చూడండి

"సీజీఎం వాడేవారికి ముఖ్య గమనిక. 1. టైమ్ ఇన్ రేంజ్ 70 శాతం దాటితే షుగర్ కంట్రోల్లో ఉన్నట్టే, ఇంకేమీ చూడనక్కర్లేదు. 2. రాత్రి కనిపించే లో అంతా అబద్ధం, చేతి మీద పడుకోవడం వల్ల వచ్చేదే. అలారం ఆపేసి హాయిగా నిద్రపోండి, తెల్లారేసరికి అదే పైకి వస్తుంది. 3. గ్లూకోమీటర్‌తో పది పాయింట్లు తేడా ఉంటే సెన్సార్ పాడైనట్టే. 4. ఏది తిన్నాక గీత లేస్తే అది మానేయండి. మీ వాళ్ళందరికీ పంపండి."

ఈ సందేశాన్ని పంపారు, అందరూ పంపారు. బెంగళూరులో మా అపార్ట్‌మెంటు తెలుగువాళ్ళ గ్రూపులో వచ్చింది, మారతహళ్ళిలో ఉండే స్నేహితులు పంపారు, చివరికి నేను పనిచేసే మధుమేహ క్లినిక్‌లో పేషెంట్లే ఫోను తీసి నాకు చూపిస్తున్నారు. సీజీఎం అంటే చేతికి అతికించుకున్న సెన్సార్‌తో రాత్రింబవళ్ళు చక్కెరను కొలిచి గీతగా చూపే పరికరం. ఆ గ్రాఫులు చదివి డాక్టరుగారి ముందు పెట్టడమే నా పని కనుక, దీన్ని చూసీ చూడనట్టు వదిలేయడం నా వల్ల కావడం లేదు.

చివరి రెండు అంశాలకు ఎక్కువ మాటలు అక్కర్లేదు. సెన్సార్ చర్మం కింది ద్రవంలో చక్కెరను కొలుస్తుంది, అది రక్తం కన్నా ఐదు పది నిమిషాలు వెనకబడి ఉంటుంది, కాబట్టి పది పాయింట్ల తేడా రావడంలో వింతేమీ లేదు. నాలుగో అంశం ప్రకారం నడిస్తే ఇడ్లీ, రాగి సంగటి, అన్నం, అరటిపండు అన్నీ మానేయవలసి వస్తుంది. తిన్నాక గీత లేస్తుంది. ఎంత ఎత్తుకు లేచింది, ఎంతసేపటికి దిగింది అన్నదే చూడాలి.

నాకు కోపం తెప్పించింది రెండో అంశం, లో గురించినది, అంటే చక్కెర 70 కన్నా కిందికి పడిపోవడం. అయితే అందులో కొంత నిజం ఉందని ముందే ఒప్పుకుంటాను. సెన్సార్ ఉన్న చేతి మీద ఒత్తిగిలి పడుకుంటే అక్కడి కణజాలం నలిగి, రక్తమూ ద్రవమూ ఆడడం తగ్గి, ఒంట్లో చక్కెర బాగానే ఉన్నా సెన్సార్ తక్కువ చూపిస్తుంది. ఇలాంటి దొంగ లో వల్ల నిద్ర చెడి విసిగిపోయినవాళ్ళను నేను చాలామందిని చూశాను, వాళ్ళ విసుగు న్యాయమైనదే. కానీ కొన్ని లోలు అబద్ధం కాబట్టి అన్నీ అబద్ధమేనని తీర్మానించి, అలారం ఆపేయమని ముసలివాళ్ళకు చెప్పే ధైర్యం ఎక్కడి నుంచి వచ్చింది?

ఈ రెండింటినీ విడదీయడానికి గ్రాఫులోనే ఆధారం ఉంటుంది. మా బాబాయిగారి గ్రాఫులోని రెండు రాత్రులు చెబుతాను. ఆయనకు 68 ఏళ్ళు. మెట్‌ఫార్మిన్‌తో పాటు, చక్కెరను లో దాకా దించగల గ్లిమెపిరైడ్ మాత్ర రెండు పూటలా వేసుకునేవారు, రాత్రి ఏడున్నరకే రెండు పుల్కాలతో భోజనం ముగించేవారు. మొదటి రాత్రి 2:10కి 104 ఉన్న గీత పది నిమిషాల్లో 61కి నిలువునా పడింది, అరగంటపాటు యాభైలలో కదలకుండా ఉంది, 2:55 తరువాత మరో పది నిమిషాల్లో మళ్ళీ 101కి ఎగిరింది. ఏమీ తినకుండా, మందులో మార్పు లేకుండా, రక్తంలోని చక్కెర ఇలా బావిలో పడి వెంటనే పైకి దూకదు. సెన్సార్ కుడి చేతికి ఉంది, ఆయన కుడి పక్కకు తిరిగి పడుకుంటారు. అది ఒత్తిడి వల్ల వచ్చిన లో.

రెండో రాత్రి గీత వేరుగా ఉంది. 11:30కి 126, ఒంటి గంటకు 98, 2:35కి 70, మూడున్నరకు 57. అక్కడి నుంచి మెల్లగా లేచి ఐదింటికి మళ్ళీ 70, ఏడింటికి 112. మూడు నాలుగు గంటలపాటు ఏటవాలుగా దిగి, అంతే నిదానంగా ఎక్కిన ఈ గీత నిజమైన లో. తెల్లారేసరికి పైకి వచ్చింది కదా అంటారేమో. వచ్చింది, కాలేయం తన నిల్వను విడుదల చేయడం వల్ల, తెల్లవారుజామున పెరిగే హార్మోన్ల వల్ల. కానీ అంతవరకు ఆయన దాదాపు రెండున్నర గంటలు 70 కన్నా కిందే ఉన్నారు. నిద్రలో చెమట, వణుకు, గుండెదడ లాంటి హెచ్చరికలు మందగిస్తాయి, ఏళ్ళ తరబడి మధుమేహం ఉన్నవారిలో మరీ. అలాంటి సమయంలో బాత్‌రూమ్‌కి లేచి తూలిపడితే తుంటి ఎముక విరగవచ్చు. గుండె జబ్బు ఉన్నవారికి లయ తప్పే ప్రమాదం ఉంది. గ్లిమెపిరైడ్ ప్రభావం రోజంతా ఉంటుంది, కిడ్నీల పనితీరు తగ్గినవారిలో ఇంకా ఎక్కువసేపు నిలుస్తుంది. "పొద్దున తలనొప్పిగా ఉంటోందిరా, దిండు తడిసిపోతోంది" అని ఆయన అంతకుముందు నుంచే అంటున్నారు, పిన్ని ఫ్యాను సరిగా తిరగడం లేదనుకుంది.

కనుక అలారం మోగితే, లేచి, చేతి మీద బరువు తీసేసి, వేలి నుంచి రక్తం తీసి గ్లూకోమీటర్‌తో చూడాలి. అది వంద చూపిస్తే నిద్రపోవచ్చు, మరునాడు పడుకునే పక్క మార్చుకోవచ్చు, తరువాతి సెన్సార్ రెండో చేతికి పెట్టించుకోవచ్చు. 70 కన్నా తక్కువ ఉంటే, లేదా చెమట, తికమక కనిపిస్తే మీటర్ కోసం వెతకకుండానే, మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగాలి. పదిహేను నిమిషాలయ్యాక మళ్ళీ వేలి నుంచే చూడాలి, ఎందుకంటే సెన్సార్ వెనకబడి ఇంకా లో అనే చూపిస్తుంటుంది, అది చూసి భయపడి మరో రెండు లడ్డూలు తిని తెల్లారేసరికి 300 తెచ్చుకున్నవాళ్ళున్నారు. స్పృహ లేని మనిషి నోట్లో మాత్రం ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

ఇక మొదటి అంశం, టైమ్ ఇన్ రేంజ్, అంటే చక్కెర 70 నుంచి 180 మధ్య ఉన్న సమయం. బాబాయిగారి 14 రోజుల రిపోర్టులో టైమ్ ఇన్ రేంజ్ 78 శాతం. ఈ సందేశం లెక్కన ఆయనకు ఏ చింతా లేదు. అదే పట్టీలో కింద ఎర్రగా 6 శాతం ఉంది, 70 కన్నా తక్కువగా గడిచిన సమయం. ఒక శాతమంటే రోజుకు సుమారు పావుగంట, కనుక ఆరు శాతమంటే రోజుకు గంటన్నర. అది రోజంతా పరచుకున్న గంటన్నర కూడా కాదు. 14 రాత్రుల్లో ఎనిమిది రాత్రులు, ప్రతిసారీ అదే తెల్లవారుజామున వచ్చింది. మామూలుగా 70 నుంచి 180 మధ్య 70 శాతం పైగా ఉండాలన్న లక్ష్యంతో పాటే, 70 కింద 4 శాతం మించకూడదన్న షరతు ఉంది. పెద్ద వయసువారికి, లో ప్రమాదం ఎక్కువ ఉన్నవారికి ఆ షరతు 1 శాతమే, వారికి రేంజ్‌లో 50 శాతం పైగా ఉన్నా చాలంటారు. ఆ రెండో సగాన్ని కోసేసి మొదటి సగాన్ని ఊరంతా పంచడం ఏ రకమైన సేవ?

రెండు రాత్రుల గ్రాఫులు, మాత్రల వేళలు, భోజనం వేళలు కాగితం మీద రాసి డాక్టరుగారికి చూపించాం. ఆయన రాత్రి గ్లిమెపిరైడ్ ఆపేశారు, ఉదయపు మాత్ర అలాగే ఉంచారు. మాత్ర ఆపే నిర్ణయం ఆయనదే, ఇది చదివి ఎవరూ సొంతంగా మానకూడదు. తరువాతి 14 రోజుల రిపోర్టులో 70 కింద సమయం ఒక శాతం లోపుకు వచ్చింది. టైమ్ ఇన్ రేంజ్ 78 నుంచి 74కి తగ్గింది, పిన్ని అది చూసి కంగారుపడింది. ఆ నాలుగు శాతమూ, లో తగ్గి మిగిలిన సమయమూ కలిసి రాత్రి భోజనం తరువాత 180 దాటిన సమయంలోకి పోయాయి, ఆయన వయసుకు అది పర్వాలేదని డాక్టరుగారు చెప్పారు. అలారం ఇప్పుడు 80 దగ్గర పెట్టాం, అది ఆగకుండా ఫోను ఆయన మంచం పక్కనే ఉంటుంది.