మామగారు గది మారారు

ఎర్రగడ్డ రైతుబజార్లో ఆదివారం ఉదయం ఏడున్నరకు, రెండు కిలోల టమాటా, పావుకిలో పచ్చిమిర్చి, రెండు కట్టల పాలకూర నా సంచిలో పడ్డాక, నేను నేను కాదని నా ఫోను తేల్చేసింది. డబ్బులు కడదామని యూపీఐ యాప్ తెరిస్తే, తెర మీద SIM not verified అని మూడు ముక్కలు, కింద ఒక బటన్. ఎందుకో లేదు, ఏం చేయాలో లేదు.

"డబ్బా మోగలే సార్," అంది కూరగాయలామె.

మోగదమ్మా. ఎందుకంటే ముందురోజు రాత్రి నేనొక ఘోరం చేశాను. ఫోను కిందపడి నెట్‌వర్క్ పోతే, మా ఆవిడ చెవిదిద్దు శీలతో సిమ్ ట్రే లాగాను. (ఫోనుతో వచ్చిన పిన్ను ఎక్కడుందో మా ఇంట్లోనే కాదు, హైదరాబాద్‌లో ఏ ఇంట్లోనూ ఎవరికీ తెలియదు.) రెండు సిమ్‌లు తుడిచాను, మళ్లీ పెట్టాను. రెండూ ఒకే కంపెనీవి, ఒకే రంగువి. తారుమారయ్యాయి. బ్యాంకు నంబరు ఒకటో స్లాట్ నుంచి రెండో స్లాట్‌లోకి పోయింది. ఫోన్లు వచ్చాయి, నెట్ వచ్చింది, మా అత్తగారి కాల్ కూడా వచ్చింది. నేరం జరిగిన ఆనవాలే లేదు.

యాప్‌కి మాత్రం తెలిసిపోయింది. దాన్ని పూర్తిగా తప్పుపట్టను. సిమ్ బైండింగ్ అంటే యాప్‌కీ ఫోనుకీ సిమ్‌కీ కలిపి వేసే మూడు ముళ్లు. మొదటిసారి రిజిస్టర్ అయినప్పుడు యాప్ మన సిమ్ నుంచి బ్యాంకు తరఫు నంబరుకు పిచ్చి అక్షరాల ఎస్సెమ్మెస్ ఒకటి పంపుతుంది. అది ఏ నంబరు నుంచి వచ్చిందో సర్వర్ చూసి, ఆ నంబరు ఈ ఫోనులోనే ఉందని రాసుకుంటుంది. ఇక్కడ కిటుకు ఏమిటంటే మనకు మెసేజ్ రావడం కాదు, మన దగ్గర్నుంచి పోవడం. వచ్చిన ఓటీపీని ఎవరికైనా చదివి చెప్పేస్తాం, మనకు అలవాటే. వేరే ఊళ్లో కూర్చున్న దొంగ మాత్రం మన సిమ్ నుంచి మెసేజ్ పంపలేడు. బాగుంది, దండం పెడతాను.

ఆ తర్వాత యాప్ తెరిచినప్పుడు సిమ్ ఇంకా అక్కడే ఉందా అని చూసుకుంటుంది. గొడవంతా ఆ చూడటంలో ఉంది. సిమ్ వెనక పొడవాటి నంబరు ఒకటి అచ్చయి ఉంటుంది. అది చూసి గుర్తుపడితే సరిపోయేది. కానీ 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10 నుంచి మామూలు యాప్‌లు దాన్ని చదవడానికి వీల్లేదు, మన గోప్యత కోసం. కాబట్టి ఎన్ని సిమ్‌లున్నాయి, ఏ కంపెనీవి, ఏ స్లాట్‌లో ఉన్నాయి లాంటి చిల్లర గుర్తులతో సరిపెట్టుకోవాలి. వాటిలో ఏది నమ్ముతుందో ఏ యాపూ చెప్పదు. నాది స్లాట్‌ని నమ్మినట్టుంది.

ఇదెలా ఉందంటే, మామగారు రోజూ ఒకటో బెడ్రూంలో పడుకుంటారు. ఓ రాత్రి ఏసీ పాడైంది, రెండో గదిలో పడుకున్నారు. పొద్దున్నే కాఫీ పట్టుకొచ్చిన కోడలు గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఎవరండీ మీరు?"

"నేనేనమ్మా."

"మా మామగారు ఒకటో గదిలో ఉంటారు."

"ఏసీ పాడైందమ్మా, రాత్రి నువ్వే కదా దుప్పటి ఇచ్చావు!"

"అదంతా నాకు తెలీదండీ. మీరు వెరిఫై కాలేదు."

ఆ ముఖం, ఆ బట్టతల, ఆ దగ్గు అన్నీ కళ్లముందున్నా లాభం లేదు. ఆయన బయటికెళ్లి, సొంత ఖర్చుతో, సొంత చేతిరాతతో బ్యాంకుకి ఉత్తరం వేసి రావాలి. అప్పుడే మళ్లీ మామగారు. లేదా మారుమాట్లాడకుండా ఒకటో గదిలోకి వెళ్లి చెమటలు కక్కుతూ పడుకోవాలి. అప్పుడు కోడలు "ఓ, మామయ్యగారా!" అని కాఫీ ఇస్తుంది. కప్పు పట్టుకుని రెండో గదిలోకి నడిచారా, లాక్కుంటుంది.

సరే, ఉత్తరమే వేద్దామని బటన్ నొక్కాను. "సిమ్ 1, సిమ్ 2, ఏది?" అంది. నంబర్లు చూపించదు, రెండుచోట్లా కంపెనీ పేరే. మూడేళ్ల అలవాటుకొద్దీ సిమ్ 1 నొక్కాను. అక్కడున్నది డేటా నంబరు. మెసేజ్ దాన్నుంచి పోయింది, ఈ నంబరుతో మీకు బ్యాంకు ఖాతాయే లేదని జవాబొచ్చింది. మామగారికి బదులు తమ్ముడు సంతకం పెట్టాడన్నమాట. సిమ్ 2 నొక్కాను. చక్రం తిరిగి తిరిగి, మెసేజ్ పంపలేకపోయామంది. ఆ సిమ్ ప్యాక్ గడువు రెండు రోజుల కిందటే అయిపోయింది. ఇన్‌కమింగ్ వస్తూనే ఉంటుంది, బ్యాంకు మెసేజ్‌లు పడుతూనే ఉంటాయి, కాబట్టి అంతా బాగానే ఉందనుకుంటాం. ఔట్‌గోయింగ్ చచ్చిపోయి ఉంటుంది. మామూలు మెసేజ్ ఒకటి ఆ సిమ్ నుంచి మా ఆవిడకు పంపి చూస్తే ఆ ముక్క అర నిమిషంలో తెలిసేది. నాకు పావుగంట పట్టింది. ఈలోగా టమాటాలు మళ్లీ గంపలోకి పోయాయి.

ఇంతవరకు నవ్వుకోవచ్చు. ఇక్కడి నుంచి నాకు నవ్వు రాదు.

మా పై అంతస్తులో రిటైరైన టీచరుగారున్నారు. పోయిన నెల ఆయనకూ ఇదే మూడు ముక్కల మెసేజ్ వచ్చింది. నెట్‌లో కస్టమర్ కేర్ అని వెతికితే దొరికిన మొదటి నంబరుకు ఫోన్ చేశారు. అవతలివాడు ఎంతో మర్యాదగా, "సార్, మీ సిమ్ వెరిఫై చేస్తాం, మీకొక కోడ్ పంపుతాను, అది నేను చెప్పిన నంబరుకు మెసేజ్ పెట్టండి" అన్నాడు. ఆ పిచ్చి అక్షరాలు ఏమిటో తెలుసా? వాడి ఫోనులో వాడు మొదలుపెట్టిన రిజిస్ట్రేషన్‌వి. ఈయన చేత్తో, ఈయన సిమ్ నుంచి అది పోయిందంటే, ఈయన నంబరు వాడి ఫోనులో ఉందని సర్వర్ రాసుకుంటుంది. మూడు ముళ్లూ వాడికి పడతాయి. తర్వాత డెబిట్ కార్డు చివరి ఆరంకెలు, గడువు తేదీ, ఓటీపీ అడుగుతాడు, పిన్ కొత్తది పెట్టుకోవడానికి. కార్డు దగ్గరికొచ్చేసరికి టీచరుగారికి అనుమానమొచ్చి ఫోన్ పెట్టేశారు కాబట్టి సరిపోయింది. సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి చెప్పారు, బ్యాంకుకెళ్లి యూపీఐ ఆపించారు.

ఆయన తెలివితక్కువవాడు కాడు. ముప్పయ్యేళ్లు లెక్కలు చెప్పాడు. ఆయన్ని ఆ నంబరు దాకా నడిపించింది ఆ మూడు ముక్కలే. అయ్యా యాప్ రాసిన మహానుభావులారా, మీరు ఏది దేనితో పోల్చి కాదన్నారో మీ ప్రోగ్రాముకు తెలుసు. "మీ సిమ్ స్లాట్ మారినట్టుంది. పాత స్లాట్‌లో పెట్టండి, లేదా ఇక్కడే మళ్లీ వెరిఫై చేయండి. మెసేజ్ యాప్ నుంచే వెళుతుంది, ఎవరు చెప్పినా మీరు పంపకండి. దీనికి కార్డూ పిన్నూ అడగం" అని నాలుగు వాక్యాలు తెలుగులో రాయడానికి మీకేం రోగం? క్యాష్‌బ్యాక్ స్క్రాచ్ కార్డుకు బాణసంచా బొమ్మలు గీయడానికి టైముంటుంది! దీపావళికి దీపాలు, సంక్రాంతికి గాలిపటాలు! ముసలాయన డబ్బు దగ్గరికొచ్చేసరికి మూడు ఇంగ్లీషు ముక్కలా?

కూరగాయలామె సంచి మళ్లీ నింపి, "రేపియ్యి సార్, యాడికి పోతవ్" అంది. నా స్లాట్ అడగలేదు.

ఇంటికొచ్చి రీఛార్జ్ చేయించి, సిమ్ 2 నొక్కి వెరిఫై చేశాను. పని చేసింది, పాత పిన్నే. ఇక్కడితో ఆగొచ్చు కదా. ఫోనులో రెండో యాప్ ఉంది, అది కూడా వెరిఫై కాలేదంటోంది. ఎందుకొచ్చిన గొడవ, సిమ్‌లు ఎప్పటిలా పెట్టేద్దామని మా ఆవిడను దిద్దు అడిగాను. పెట్టాను. రెండో యాప్ "ఓ, మామయ్యగారా!" అంది.

మొదటి యాప్ తెరిచాను. SIM not verified.