ఇచ్చిన చేత్తోనే లాక్కున్న హక్కు

సర్కారీ ఉద్యోగం ఇప్పిస్తామని నకిలీ అపాయింట్‌మెంట్ లెటర్లు చేతిలో పెట్టి లక్షలు దండుకునే ముఠాల సంగతి మన పాఠకులకు కొత్త కాదు. అలాంటి ఒక కేసునే ఊహించుకుందాం. సూత్రధారి మంచి లాయర్ని పెట్టుకుని ముందస్తు బెయిల్ తెచ్చుకున్నాడు. లెటర్లు తీసుకెళ్లి ఇచ్చిన కుర్రాడు మాత్రం జైలుకు వెళ్లాడు. అంతకుముందు అతని మీద ఒక్క కేసు కూడా లేదు. ఎఫ్ఐఆర్‌లో మోసం సెక్షన్ ఒకటి, మోసం కోసం పత్రాలు ఫోర్జరీ చేసిన సెక్షన్ ఒకటి రాశారు. రెండింటికీ గరిష్ఠ శిక్ష ఏడేళ్లే. విచారణ తేలకపోతే అతను ఎన్నాళ్లకు బయటికి రావాలి?

2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 479వ సెక్షన్ దీనికి బదులిస్తుంది. మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాలను పక్కన పెడితే, గతంలో ఏ కేసులోనూ శిక్ష పడని విచారణ ఖైదీ గరిష్ఠ శిక్షలో మూడో వంతు జైల్లో గడిపితే బాండు మీద విడుదల చేయాలి. ఏడేళ్లలో మూడో వంతు అంటే 28 నెలలు. పాత చట్టమైన క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోని 436ఎ సెక్షన్ ప్రకారమైతే సగం, అంటే 42 నెలలు గడపాలి. 14 నెలలు తగ్గాయి. దీన్నే గొప్ప సంస్కరణగా చెప్పారు. ఆ ఏడాది నవంబరు 26న రాజ్యాంగ దినం నాటికి మూడో వంతు గడిపిన ఖైదీ ఎవరూ జైల్లో ఉండకూడదని కేంద్ర హోం మంత్రి అమిత్ షా అన్నారు.

అదే సెక్షన్‌లో రెండో ఉపసెక్షన్ చదివితే ఈ కుర్రాడికి ఆ 28 నెలల ఆశ లేదు. ఒకటికి మించిన నేరాల్లో గానీ, ఒకటికి మించిన కేసుల్లో గానీ దర్యాప్తో విచారణో పెండింగులో ఉన్న వ్యక్తిని కోర్టు ఇలా విడుదల చేయకూడదని అక్కడ రాసి ఉంది. కేసుల సంగతి అలా ఉంచండి, 'నేరాలు' అన్న మాట చూడండి. అతని మీద ఉన్నది ఒకే కేసు, కానీ రెండు సెక్షన్లు. అక్షరాలా చదివితే మూడో వంతు అతనికి వర్తించదు. సగం కూడా వర్తించదు. మిగిలేది గరిష్ఠ శిక్షా కాలం దాటి ఉంచకూడదన్న చివరి హద్దు, అంటే 84 నెలలు. పాత చట్టంలో ఈ అడ్డుకట్ట లేదు కాబట్టి, కోర్టు ప్రత్యేక కారణాలు రాసి పొడిగిస్తే తప్ప 42 నెలలకు బయటపడేవాడు. 28కి దించామని చెప్పుకున్న చట్టం అతన్ని 84కి నెట్టింది.

ఒకే ఒక్క సెక్షన్‌తో మన పోలీస్ స్టేషన్లలో ఎన్ని ఎఫ్ఐఆర్‌లు నమోదవుతాయి? కొట్లాట కేసు తీసుకున్నా, దొంగతనం కేసు తీసుకున్నా, రెండో సెక్షనో మూడో సెక్షనో పక్కన ఉంటుంది. తర్వాత కోర్టులో నిలబడినా నిలబడకపోయినా రాసే రోజున రాస్తారు. చట్టం ఇచ్చిన హక్కు ఉండాలా పోవాలా అన్నది ఎఫ్ఐఆర్ రాసే చేతిలోకి వెళ్లింది. మమ్మల్ని అన్నిటికన్నా కలవరపెడుతున్నది ఇదే.

ఇక కేసుల సంగతి. లెటర్లకు డబ్బు కట్టిన వాళ్లు నాలుగు ఊళ్ల వాళ్లు అనుకుందాం. నాలుగు స్టేషన్లలో నాలుగు క్రైమ్ నంబర్లు పడతాయి. కుర్రాడు జైల్లో ఉండగానే జైల్లో ఉన్నవాణ్ణి మరో కేసులో కోర్టుకు రప్పించే పీటీ వారెంట్ ఒక్కో స్టేషన్ నుంచి ఒక్కోటి వస్తుంది, ఒక్కో కేసులో అరెస్టు చూపిస్తారు. మొదటి కేసులో బెయిల్ వచ్చేసరికి రెండోది తయారుగా ఉంటుంది. మోసం ఒకటే అయినా కేసులు నాలుగు కాబట్టి 479 దారి మూసుకుపోతుంది.

మామూలు బెయిల్ అడుక్కోవచ్చు కదా అంటారు. అడగొచ్చు. ఇద్దరు జామీనుదారులు కావాలంటే, వాళ్లకు ఆస్తి ఉండాలంటే, అదీ నాలుగు కోర్టుల్లో విడివిడిగా కావాలంటే కూలీ చేసుకునే తల్లి ఎక్కడి నుంచి తెస్తుంది? 1978లోనే మధ్యప్రదేశ్‌కు చెందిన ఒక తాపీ మేస్త్రీ కేసులో, పదివేల జామీను అడిగి, పక్క జిల్లాలో ఉన్న అన్నదమ్ముడి ఆస్తి చెల్లదన్న మేజిస్ట్రేటును సుప్రీంకోర్టు న్యాయమూర్తి జస్టిస్ కృష్ణయ్యర్ తప్పుపట్టారు. వెయ్యి రూపాయల సొంత బాండు మీద వదలమన్నారు. ఆస్తి లేనివాడు కూడా ఒక రోజున బయటపడేలా చేయడానికే కాల పరిమితి పెట్టింది. ఆ పరిమితినే తీసేస్తే పేదవాడికి మిగిలేది వాయిదాలే.

అలవాటు పడిన నేరగాళ్లు బయటికొచ్చి మళ్లీ అదే పని చేస్తారన్నది పోలీసుల వాదన. ఆ భయం అబద్ధం కాదు. కానీ పాత నేరంలో శిక్ష పడినవాడికి చట్టం మూడో వంతు వెసులుబాటు ఎలాగూ ఇవ్వలేదు, సగం దాకా ఆగమంది. రెండో ఉపసెక్షన్ ఎక్కువగా పట్టుకుంటున్నది ఇంకా ఏ నేరమూ రుజువు కానివాళ్లను. ఆరోపణల సంఖ్యనే నేరచరిత్రగా లెక్కకట్టడం న్యాయం కాదు.

1979లో బిహార్ జైళ్లలో మగ్గుతున్న విచారణ ఖైదీల గురించి పత్రికలో వచ్చిన కథనాలు పట్టుకుని న్యాయవాది కపిలా హింగోరాణీ సుప్రీంకోర్టుకు వెళ్లారు. నేరం రుజువైతే పడే శిక్ష కన్నా ఎక్కువ కాలం లోపల గడిపినవాళ్లు వాళ్లలో ఉన్నారు. సత్వర విచారణ రాజ్యాంగం 21వ అధికరణంలోని హక్కేనని ఆ కేసులో వచ్చిన హుస్సేనారా ఖాతూన్ తీర్పు చెప్పింది. ఆ తీర్పు స్ఫూర్తిని 436ఎ కొంత చట్టంలోకి తెచ్చింది. ఇప్పుడు అదీ వెనక్కి పోయింది. 2022 చివరికి దేశంలోని జైళ్లలో ఉన్న 5,73,220 మందిలో 4,34,302 మంది విచారణ ఖైదీలే. నూటికి 75 మందికి పైగా శిక్ష పడనివాళ్లున్న చోట ఒక ఉపసెక్షన్ ఎంత మంది బతుకు నిర్ణయిస్తుందో ఆలోచించాలి.

2024 ఆగస్టు 23న సుప్రీంకోర్టులో జస్టిస్ హిమా కోహ్లి, జస్టిస్ సందీప్ మెహతా ధర్మాసనం 479 పాత కేసులకూ వర్తిస్తుందని చెప్పి, అర్హుల దరఖాస్తులను మూడు నెలల్లో కదిలించమని జైలు సూపరింటెండెంట్లను ఆదేశించింది. గడువు నిండిన ఖైదీ తరఫున కోర్టుకు రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టాల్సిన బాధ్యత సూపరింటెండెంటుదేనని చట్టమూ అంటోంది. మంచి నియమం. అయితే రెండో ఉపసెక్షన్ వడగట్టాక అర్హుల జాబితాలో ఎవరు మిగులుతారు? జాబితా చిన్నదైతే జైళ్లలో సమస్య చిన్నదని అర్థం కాదు. రెండో సెక్షన్ వల్ల ఎంత మందిని పక్కన పెట్టారో, రెండో కేసు వల్ల ఎంత మందిని పక్కన పెట్టారో ప్రతి జిల్లా విచారణ ఖైదీల సమీక్ష కమిటీ విడివిడిగా రాసి బయటపెట్టాలి. ఆ లెక్క జిల్లా జడ్జి, కలెక్టర్, ఎస్పీ ఒకే బల్ల దగ్గర కూర్చునే ఆ కమిటీ చేతిలోనే ఉంటుంది.

పార్లమెంటు రెండో ఉపసెక్షన్ నుంచి 'ఒకటికి మించిన నేరం' అన్న మాట తొలగించాలి. ఢిల్లీ కదలకపోతే తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ శాసనసభలు చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. క్రిమినల్ ప్రొసీజర్ ఉమ్మడి జాబితాలోని అంశం. రాష్ట్రపతి ఆమోదంతో రాష్ట్ర సవరణ తేవచ్చు. జైళ్లు కిక్కిరిశాయని ప్రతి బడ్జెట్ సమావేశంలో వాపోయే సభ్యులు, అక్కడ ఉన్నవాళ్లను నిలిపి ఉంచుతున్న ఈ ఒక్క వాక్యం గురించి ఎందుకు నోరు విప్పరు? రాజ్యాంగ దినం నాటికి ఖైదీలు బయటికి రావాలని అన్న పెద్దలు, వాళ్లను లోపలే ఉంచే మాటను చట్టంలో రాసింది తామేనని ముందు ఒప్పుకోవాలి.